బయానా పోయేదెంత, తిరిగొచ్చేదెంత

గోదావరి జిల్లాల్లో పొలమో కొబ్బరి తోటో ఇళ్ల స్థలమో కొనేటప్పుడు దస్తావేజు లేఖరి రాసే క్రయ ఒప్పందంలో చివరి వైపు ఒక షరతు దాదాపు తప్పకుండా ఉంటుంది. గడువులోగా కొనేవారు బాకీ సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే బయానా వదులుకోవాలి, అమ్మేవారు వెనక్కి తగ్గితే బయానాకు రెట్టింపు ఇచ్చుకోవాలి అన్నది దాని సారాంశం. సంతకాలు పెట్టే రోజున దాన్ని ఎవరూ పట్టించుకోరు. బేరం చెడిన రోజున మాత్రం రెండు పక్షాలూ దాన్నే పట్టుకుంటాయి. అమ్మేవాడు "నువ్వు ఇచ్చిందంతా పోయినట్టే" అంటాడు. కొన్నవాడు "భూమి నీ దగ్గరే ఉంది కదండీ, నా డబ్బు నాకు ఇచ్చేయండి" అంటాడు. కోర్టుకు వెళితే సాధారణంగా ఇద్దరి మాటా పూర్తిగా నెగ్గదు. ఆ షరతులో ఏం రాశారన్నదొక్కటే తీర్పును తేల్చదు. ఏ సొమ్ము ఏ దశలో, దేనికింద ఇచ్చారు, బేరం ఎవరి వల్ల చెడింది అన్న రెండు ప్రశ్నలే తేలుస్తాయి.

లెక్క వేసి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. మండపేట వైపు ఎకరం ఇరవై సెంట్ల కొబ్బరి తోట, ఎకరం 60 లక్షల చొప్పున 72 లక్షలకు బేరం కుదిరిందనుకుందాం. మధ్యవర్తి ఎదుట మొదటి రోజు లక్ష రూపాయల టోకెన్ చేతిలో పెట్టారు. పది రోజుల తర్వాత అగ్రిమెంటు రాసుకున్నారు. టోకెన్‌తో కలిపి 10 లక్షలు బయానా, మిగతా 62 లక్షలు మూడు నెలల్లో. నెలన్నర గడిచాక అమ్మేవారికి ఇంట్లో పెళ్లి ఖర్చు వచ్చి మరో 8 లక్షలు అడిగారు. కొన్నవారు ఇచ్చి, అగ్రిమెంటు వెనక చెల్లు రాయించుకున్నారు. ఆ తర్వాత కొన్నవారికి రావలసిన డబ్బు రాలేదు, గడువు దాటింది, కొనలేనని చెప్పేశారు. అప్పటికి అమ్మేవారి దగ్గరున్నది 18 లక్షలు.

ఈ పద్దెనిమిదీ ఒకే సొమ్ము కాదు. బేరం కుదిరిన సమయంలో, మాట తప్పనన్న హామీగా ఇచ్చినది బయానా. బేరం సాఫీగా సాగితే అది ధరలో కలిసిపోతుంది, కొన్నవాడి తప్పు వల్ల చెడితే అమ్మినవాడికి మిగులుతుంది. 1926లో ప్రీవీ కౌన్సిల్ చిరంజిత్ సింగ్ కేసులో చెప్పిన ఈ మాటనే నేటి కోర్టులూ పాటిస్తున్నాయి. తర్వాత ఇచ్చిన 8 లక్షలు ధరలో కొంత ముందుగా కట్టడమే తప్ప హామీ కాదు. కాబట్టి ఆ 8 లక్షలను 'జప్తు' అన్న మాటతో ఉంచుకోవడం కుదరదు.

దీన్ని స్పష్టం చేసింది 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఫతేచంద్ తీర్పు. ఢిల్లీలోని ఆస్తికి 1949లో కుదిరిన బేరం అది. ధర 1,12,500 రూపాయలు. వెయ్యి రూపాయలు బయానా, తర్వాత 24,000 ధరలో భాగంగా ఇచ్చారు. కొన్నవారు తప్పితే మొత్తం 25,000 పోతుందని ఒప్పందంలోనే ఉంది. కోర్టు వెయ్యి రూపాయలను మాత్రం బయానాగా ఉంచుకోనిచ్చింది. 24,000 పోతుందన్న షరతును 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద జరిమానాగా చూసింది. ఆ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా అది పైపరిమితి మాత్రమే. దాని లోపల న్యాయమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. మన ఉదాహరణలో లేఖరి 'బయానా' అని రాయకుండా 'ఇచ్చిన సొమ్మంతా' అని రాసినా, ఆ 8 లక్షల సంగతి ఇలాగే తేలే అవకాశం ఎక్కువ.

ఇక 10 లక్షల సంగతి. ఇక్కడే కోర్టు తీర్పులు రెండు దారులు పట్టాయి, అది ఒప్పుకోవాలి. 2012లో సుప్రీంకోర్టు సతీష్ బత్రా కేసు తేల్చింది. 70 లక్షల ధరకు 7 లక్షలు బయానా. కొన్నవారు తప్పారు. హైకోర్టు 50 వేలే ఉంచుకోమంది. సుప్రీంకోర్టు మొత్తం 7 లక్షలూ అమ్మినవారివే అంది. హామీగా ఇచ్చిన సొమ్మని ఒప్పందంలో స్పష్టంగా ఉంటే, నష్టం ఎంతో రుజువు చేయకపోయినా దాన్ని ఉంచుకోవచ్చన్నది దాని భావం. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో అదే కోర్టు మరోలా చెప్పింది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ 78 లక్షల బయానా ఉంచుకుని, ఆ స్థలాన్నే తర్వాత ఎక్కువ ధరకు వేలం వేసింది. తప్పు కొన్నవారిదని తేలలేదు, నష్టమూ రాలేదు, కనుక సొమ్ము తిరిగివ్వాల్సిందేనన్నారు. నష్టమే లేనప్పుడు 74వ సెక్షన్ కింద పరిహారం ఉండదన్నారు.

2025 మే 2న వచ్చిన కె.ఆర్. సురేష్ తీర్పు మళ్లీ మొదటి దారికి వచ్చింది. బెంగళూరులో 2007లో 55 లక్షల 50 వేలకు బేరం. ఒప్పందం రోజునే 20 లక్షలు 'అడ్వాన్సు' కింద ఇచ్చారు, మిగతాది నాలుగు నెలల్లో ఇవ్వాలి. కొన్నవారు ఇవ్వలేదు. కాగితంలో అడ్వాన్సు అని ఉన్నా దాని స్వభావం బయానాయేనని, షరతు ఒకపక్షానికే భారమయ్యేలా లేదని చూసి, 20 లక్షలూ పోవడాన్ని కోర్టు సమర్థించింది. అంటే ధరలో మూడో వంతు పైన. పది శాతం దాటితే బయానా కాదు అని మన దగ్గర రియల్ ఎస్టేట్ మధ్యవర్తులు చెప్పే లెక్కకు, ఇద్దరు వ్యక్తుల మధ్య భూమి బేరంలో చట్టపరమైన ఆధారం లేదని దీంతో తేలింది. అయితే ధరలో సగం ఇచ్చి దాన్నంతా బయానా అని రాసుకుంటే కోర్టు ఊరుకుంటుందని కూడా అనుకోకూడదు. మితం దాటిన బయానా జరిమానాయే అవుతుందని 1969 నాటి మౌలాబక్ష్ తీర్పు నుంచీ ఉన్న మాట. నా అంచనాలో మన 72 లక్షల బేరంలో 10 లక్షల బయానా నిలబడుతుంది, 8 లక్షలు తిరిగివ్వాలి.

ఆ 8 లక్షల్లో కొంత ఉంచుకునే దారి అమ్మినవారికి ఒకటుంది, నిజమైన నష్టం చూపించడం. బేరం తప్పిన రోజుల్లో ఆ తోటకు మార్కెట్ ధర 66 లక్షలే పలికితే నష్టం 6 లక్షలు, అది బయానాలోనే తీరిపోతుంది. 58 లక్షలే పలికితే నష్టం 14 లక్షలు, బయానా పోగా మరో 4 లక్షలు నష్టపరిహారంగా అడగవచ్చు. 75 లక్షలకు అమ్ముడుపోయిందా, 8 లక్షలు పూర్తిగా తిరిగివ్వడమే. బయానా మీద కూడా కొన్నవారి లాయరు కైలాష్‌నాథ్ తీర్పు పట్టుకుని వాదిస్తాడు.

నష్టం రుజువు చేయడం మన దగ్గర చాలామందికి చేతకాని పని. కారణం అందరికీ తెలిసిందే. అగ్రిమెంటులో 72 లక్షలు రాసుకుంటారు, దస్తావేజు మాత్రం ప్రభుత్వ విలువకు రిజిస్టరు చేయిస్తారు. అదే భూమిని రెండోసారి మరొకరికి అమ్మితే ఆ దస్తావేజులో 30 లక్షలే ఉంటుంది. అది చూపించి 42 లక్షలు నష్టపోయానంటే కోర్టు నమ్మదు. నిజమైన ధర చెప్పుకోవాలంటే దస్తావేజు అబద్ధమని తానే ఒప్పుకోవాలి. నల్లధనం గురించి వచ్చే ఉపన్యాసాల కంటే ఈ ఇబ్బందే కొందరు అమ్మకందార్లను ఎక్కువగా దారికి తెచ్చిందని నా అనుమానం.

అగ్రిమెంటు రాయకముందే, టోకెన్ దశలోనే వెనక్కి తగ్గితే ఏమిటన్నది ఊళ్లలో ఎక్కువగా వినే గొడవ. లక్ష రూపాయలు ఇచ్చారు, ధర నోటిమాటగా అనుకున్నారు, గడువు అనుకోలేదు, ఎన్ని సెంట్లన్నది సర్వే తర్వాత చూద్దామన్నారు. అప్పుడు బేరం కుదిరిందనడానికే ఆధారం బలహీనం. బయానా అనేది కుదిరిన బేరానికి హామీ. బేరమే పూర్తిగా కుదరనప్పుడు ఆ లక్ష ఉంచుకోవడానికి అమ్మేవారికి గట్టి హక్కు ఉండదు. టోకెన్ రసీదులో సర్వే నంబరు, విస్తీర్ణం, ధర, గడువు, తప్పితే ఈ సొమ్ము పోతుందన్న మాట ఐదూ ఉంటే కథ వేరు. రసీదు చిన్న కాగితమే అయినా, వాట్సాప్ సందేశమే అయినా అది ఒప్పందం కిందికి వచ్చేస్తుంది. నాలుగు మాటలు ఉండి ఐదోది లేకపోయినా అమ్మేవారి దావా పూర్తిగా చచ్చిపోదు. నిజమైన బయానాకు, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, కొన్నవాడు తప్పినప్పుడు పోవడమే స్వభావమని 1969లో హనుమాన్ కాటన్ మిల్స్ కేసులో కోర్టు చెప్పింది.

ఇంతవరకు తప్పు కొన్నవాడిదే అనుకున్నాం. డెల్టాలో చూస్తే, వెనక్కి తగ్గేది కొన్నవాడే అయినా తగ్గేలా చేసింది అమ్మేవాడి కాగితాలే అయిన సందర్భాలు ఎన్నో. టోకెన్ ఇచ్చాక ఈసీ తీస్తే సహకార సంఘంలో తనఖా ఉంటుంది. 1-బి లో ఒక పేరు, పాసుపుస్తకంలో మరో పేరు ఉంటుంది. గోదావరి పాయల మధ్య లంక భూముల్లో కొన్ని రైతులు దున్నుకుంటున్నా ప్రభుత్వ భూములే, అలాంటివి 22-ఎ నిషేధిత జాబితాలో కనిపిస్తాయి. ఇక డి-పట్టా భూమి. 1977 అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్ని నిషేధించిన భూమికి రాసుకున్న అగ్రిమెంటు చెల్లదు, అందులోని జప్తు షరతూ చెల్లదు.

కుటుంబ వాటాలు మరో చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా వచ్చింది. 2005 కేంద్ర సవరణతో అది ఇంకా విస్తరించింది. తండ్రి ఒక్కడే సంతకం పెట్టి, అన్నదమ్ములు సాక్షి సంతకాలు చేసి, భీమవరంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఆడపిల్లల ఊసే లేని అగ్రిమెంట్లు నేటికీ రాస్తున్నారు. అలాంటి అగ్రిమెంటు చేసుకున్న కొనుగోలుదారు, "ఆడపిల్లల సంతకాలు తెచ్చేదాకా బాకీ ఇవ్వను" అంటే అది తప్పడం కాదు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం హక్కులోని లోపాన్ని అమ్మేవాడు ముందే చెప్పాలి. అతని లోపం వల్ల కొన్నవాడు తిరస్కరిస్తే, ఇచ్చిన సొమ్ముకు ఆ భూమి మీదే చార్జి కూడా ఉంటుంది. వ్యక్తి నుంచి వసూలు చేయడం కంటే ఇది చాలా బలమైన హక్కు. కొన్నవాడు కారణం లేకుండా వెనక్కి తగ్గితే మాత్రం ఈ చార్జి దొరకదు.

అందుకే అసలు యుద్ధం గడువు చివరి పది రోజుల్లో జరుగుతుంది. మన దగ్గర గడువులు క్యాలెండరు కంటే పంచాంగానికి ఎక్కువ లోబడి ఉంటాయి. "మూఢం వెళ్లాక చూద్దాం", "ఆషాఢం దాటనివ్వండి" అని ఇద్దరూ నోటిమాటతో పొడిగించుకుంటారు. తర్వాత ఎవరికి ఇష్టం లేకపోతే వాళ్లు కాగితంలోని తేదీ చూపిస్తారు. భూమి అమ్మకంలో గడువు దాటగానే బేరం రద్దయిపోయినట్టు కోర్టు మామూలుగా అనుకోదు, ఒప్పందంలో అలా స్పష్టంగా ఉంటే తప్ప. 1992 చాంద్‌రాణి తీర్పు కూడా ఈ విషయాన్ని ఒప్పందంలోని మాటలు, పరిస్థితులు చూసే తేల్చింది. అందువల్ల అమ్మేవారు చేయవలసింది, గడువు దాటిందని ఊరుకోవడం కాదు. తాను రిజిస్ట్రేషన్‌కు సిద్ధమని, ఫలానా తేదీలోగా బాకీ తెచ్చి చేయించుకోవాలని, లేకుంటే ఒప్పందం రద్దు చేసి బయానా ఉంచుకుంటానని రాతపూర్వకంగా నోటీసు పంపాలి. తనఖా తీర్చకుండా, సర్వే చేయించకుండా ఆ నోటీసు పంపితే అది ఎదురు తిరుగుతుంది.

కొన్నవారు కూడా అదే రోజుల్లో ఆధారం నిలబెట్టుకోవాలి. డబ్బు బ్యాంకులో ఉందని స్టేట్‌మెంటు, లోపాలు సరిదిద్దమని అడిగిన నోటీసు, గడువు రోజున సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లినట్టు ఆ తేదీతో తీసుకున్న ఈసీయో మార్కెట్ విలువ కాగితమో. "నేను సిద్ధంగానే ఉన్నానండి" అని తర్వాత కోర్టులో చెప్పే మాటకు ఇవి లేకపోతే విలువ ఉండదు.

దావా వేసేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటుంది. కొన్నవారు రిజిస్ట్రేషన్ చేయించమని మాత్రమే అడిగి, అది కాకుంటే అడ్వాన్సు తిరిగి ఇప్పించమని అడగరు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ కోరిక దావాలో ప్రత్యేకంగా ఉండాలి, లేకపోతే కోర్టు తనంతట తాను ఇవ్వదు. తర్వాత సవరించుకుని చేర్చుకునే వీలుంది గానీ, దాన్ని కూడా వాడుకోకపోతే కె.ఆర్. సురేష్ కేసులోలాగా అదీ ఓటమికి ఒక కారణమవుతుంది.

రిజిస్ట్రేషన్ సంగతి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత క్రయ ఒప్పందం కూడా రిజిస్టరు చేయవలసిన పత్రమే. అయినా చాలావరకు వంద రూపాయల స్టాంపు కాగితం మీదే సరిపెట్టుకుంటున్నారు. రిజిస్టరు కాని ఒప్పందాన్ని కూడా అమలు దావాలో సాక్ష్యంగా చూపించే వెసులుబాటు రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్‌లో ఉంది కాబట్టి అది పూర్తిగా పనికిరాని కాగితం కాదు. కానీ లేఖరి అలవాటుగా 'స్వాధీనం చేశాము' అని ఒక ముక్క రాస్తే స్టాంపు లెక్క పూర్తిగా మారిపోతుంది. పూర్తి అమ్మకానికి కట్టవలసిన స్టాంపు సుంకం దానికీ కట్టాలి. కట్టకుండా కోర్టుకు తెస్తే లోటు సుంకం, దాని మీద జరిమానా కట్టించుకునే దాకా ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోరు.

రెరా కింద నమోదైన అపార్టుమెంట్లు, లేఅవుట్లలో సంగతి కొంత వేరు. అక్కడ బిల్డరు రిజిస్టర్డ్ ఒప్పందం చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని 2016 చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. కొన్నవారు మానుకుంటే ఎంత పట్టుకోవచ్చన్నదాంట్లోనూ ఆ 10 శాతమే కొలతగా మారుతోంది. గురుగ్రామ్‌లోని ఒక ఫ్లాట్ విషయంలో బిల్డరు తన ఒప్పందం ప్రకారం 20 శాతం పట్టుకుంటానంటే, వినియోగదారుల కమిషన్ 10 శాతం చాలంది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గోద్రెజ్ ప్రాజెక్ట్స్ కేసులో దాన్ని అలాగే ఉంచింది. బిల్డరు రాసి ఇచ్చిన ఒప్పందంలో కొన్నవారికి బేరమాడే వీలు ఉండదు, అందుకే కోర్టు అక్కడ కఠినంగా ఉంటుంది. మండపేట తోట బేరంలో ఇద్దరూ కూర్చుని రాసుకున్న షరతును అంత తేలిగ్గా కదపదు.

చేతి నుంచి చేతికి నగదు ఇచ్చే అలవాటు వీటన్నిటినీ పాడు చేస్తుంది. స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించిన అడ్వాన్సును నగదుగా తీసుకోకూడదని, తిరిగి ఇచ్చేటప్పుడు కూడా నగదుగా ఇవ్వకూడదని 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను కట్టవలసిన ఆదాయం ఎవరికీ లేకపోతే మినహాయింపు ఉంది. రైతు దగ్గర కౌలు రైతు కొనే చిన్న బేరానికి అది వర్తించవచ్చు, రాజమహేంద్రవరం వ్యాపారి కొనేదానికి వర్తించదు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. రెండు లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చానంటూ దావా వేస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని కోర్టులను ఆదేశించింది. కాబట్టి నగదు బయానా కోసం పోరాడేవాడు ముందుగా ఆ డబ్బు ఎక్కడిదో చెప్పుకోవాలి. జప్తు చేసుకున్న బయానా అమ్మినవారికి ఆ ఏడాది ఆదాయమన్నది ఇంకో లెక్క. పురపాలక పరిధికి దూరంగా ఉన్న పొలాన్ని ఆ చట్టం మూలధన ఆస్తిగా చూడదు గనుక దానికి ఈ నిబంధన అలాగే అతకదు. ఇళ్ల స్థలానికి, పట్టణంలోని ఇంటికి మాత్రం అతుకుతుంది.

అయితే చాలా గొడవలు కోర్టు దాకా వెళ్లవు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని సగం సగం చేసేస్తారు, లేదా "భూమి మళ్లీ అమ్ముడుపోయాక నీది నీకు ఇప్పిస్తాం" అంటారు. రెండో మాటలో ఒక ప్రమాదం ఉంది. సొమ్ము తిరిగి అడిగే దావాకు మామూలుగా మూడేళ్ల కాలపరిమితి. అమ్ముడుపోయేదాకా ఆగితే, నోటిమాట తప్ప ఏమీ రాయించుకోకపోతే, ఆ మూడేళ్లు ఎప్పుడు మొదలయ్యాయన్నదే ప్రత్యేక వివాదమవుతుంది. అమ్మినవారికీ ప్రమాదమే. అసలు అగ్రిమెంటు కొన్నవారి చేతిలో ఉండగా కొత్తవారికి అమ్మితే, ఒకనాడు అమలు దావా వచ్చి కొత్త కొనుగోలుదారును కూడా పార్టీగా చేరుస్తారు. అగ్రిమెంటు రిజిస్టరయి ఉంటే ఈసీలో అది కనిపిస్తూనే ఉంటుంది, ఇద్దరూ కలిసి రద్దు పత్రం రిజిస్టరు చేయించేదాకా కొత్తవారి బ్యాంకు అప్పు ఇవ్వడానికి వెనకాడుతుంది.

రాజీ కుదిరిన రోజునే రద్దు పత్రం రాయించి, అందులో 18 లక్షల్లో 10 లక్షలు ఎందుకు ఉంచుకున్నారో, 8 లక్షలు ఏ చెక్కు నంబరుతో ఏ తేదీన ఇచ్చారో, ఇకపై ఏ హక్కూ అడగనన్న కొన్నవారి సంతకం ఎక్కడ పడిందో రాసుకోవాలి. అసలు అగ్రిమెంటు వెనక్కి తీసుకుని దాని మీద రద్దయిందని ఇద్దరూ సంతకం చేయాలి. ఊళ్లో లేని సాక్షి పేరు రాసి తర్వాత సంతకం తీసుకుందామంటే మాత్రం ఒప్పుకోకూడదు.